ఎనిమిది నిమిషాలు ఎవరి నెత్తిన? రెండు రోజుల ముందు ఒకరు తప్పుకున్న ప్రజెంటేషన్ కేసు

గ్రూప్ ప్రజెంటేషన్‌లో ఒకరు రాలేనని చెప్పగానే మిగిలినవాళ్ళు చేసే మొదటి పని భాగహారం. ఎనిమిది నిమిషాల భాగం, నలుగురు మనుషులు, తలా రెండు నిమిషాలు. వినడానికి న్యాయంగానే ఉంటుంది, ఎవరి మీదా పెద్ద భారం పడదు, ఎవరూ అలగరు. కానీ నేను చూసినంతలో ఇలాంటి ప్రజెంటేషన్లు దెబ్బతినేది మనిషి తగ్గినందుకు కాదు, ఈ సమాన పంపకం వల్ల. ఎందుకలాగో, దాని బదులు ఏం చేయొచ్చో ఒక కేసు పట్టుకుని మొత్తం చెప్తాను.

ప్యానెల్ ముందు మాట్లాడబోయే టీమ్‌లకి రిహార్సల్ చేయించడం నా పని. ఈ టీమ్‌లో ఐదుగురు ఫైనల్ ఇయర్ విద్యార్థులు. ప్రాజెక్టు వాళ్ళ కాలేజీ లైబ్రరీలో సీట్ల వాడకం గురించి: సీట్లన్నీ నిండిపోయినట్టు కనిపిస్తాయి, తీరా చూస్తే చాలా కుర్చీల్లో మనుషులుండరు, బ్యాగులుంటాయి. అరగంటకోసారి హాలంతా తిరిగి, ఎన్ని సీట్లలో మనిషి ఉన్నాడు, ఎన్నిట్లో ఉత్త బ్యాగు ఉంది అని లెక్క రాసుకున్నారు. చెప్పడానికి 25 నిమిషాలు, ప్రశ్నలకు 10.

అసలు పంపకం ఇలా ఉండేది. ఒకటో స్పీకర్ సమస్య ఏంటో 4 నిమిషాలు చెప్తాడు. రెండో స్పీకర్ ఇంతకుముందు ఇతరులు చేసిన అధ్యయనాల గురించి 3 నిమిషాలు. మూడో స్పీకర్ తాము లెక్కించిన పద్ధతి 5 నిమిషాలు. నాలుగో స్పీకర్ ఫలితాలు, గ్రాఫులు 8 నిమిషాలు. ఐదో స్పీకర్ సూచనలు, ముగింపు 5 నిమిషాలు. శుక్రవారం మధ్యాహ్నం ప్రజెంటేషన్ అనగా బుధవారం సాయంత్రం నాలుగో అబ్బాయికి జ్వరం, దాంతోపాటు గొంతు పూర్తిగా పోయింది, మాట్లాడొద్దని డాక్టర్ చెప్పారు. అంటే పోయింది అన్నిటికన్నా పెద్ద భాగం, అన్నిటికన్నా ఎక్కువ ప్రశ్నలు వచ్చే భాగం కూడా.

"మేడం, తలా రెండు నిమిషాలు పంచేసుకుంటున్నాం" అని ఒకటో అబ్బాయి ఫోన్ చేసినప్పటికే స్లైడ్లు కూడా నాలుగు ముక్కలు చేసేశారు.

నేను వాళ్ళని ఒక కాగితం మీద ఎవరి తర్వాత ఎవరు మాట్లాడతారో వరసగా రాయమన్నాను, అంతే. ఒకటి, రెండు, మూడు, మళ్ళీ ఒకటి, రెండు, మూడు, ఆ తర్వాత ఐదు. ఐదుగురు ఉన్నప్పుడు మైకు నాలుగుసార్లు చేతులు మారేది. ఇప్పుడు నలుగురే ఉన్నా ఆరుసార్లు మారుతోంది. ఒక్కో మార్పుకీ లేచి ముందుకు రావడం, రిమోట్ అందుకోవడం, "థాంక్యూ, ఇప్పుడు నేను" అనడం, ఇవన్నీ కలిపి పది పదిహేను సెకన్లు పోతాయి. సెకన్ల సంగతి అలా ఉంచండి, వినేవాళ్ళకి ఫలితాలు అనేవి ఒక కథలా అందాలి, ఈ గ్రాఫ్‌ వల్ల ఆ గ్రాఫ్‌ అర్థం కావాలి. రెండు నిమిషాలకోసారి గొంతు మారితే ఆ దారం తెగిపోతుంది. ఇంకా పెద్ద ఇబ్బంది ప్రశ్నల దగ్గర వస్తుంది. ఫలితాల మీద ప్రశ్న అడిగితే నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, ఎందుకంటే అందరికీ పావు భాగమే తెలుసు. ప్యానెల్‌లో కూర్చున్నవాళ్ళకి ఆ చూపులు కనిపించినంత స్పష్టంగా ఇంకేదీ కనిపించదు.

ముందు కోత, తర్వాత పంపకం

కాబట్టి వాళ్ళకి చెప్పింది ఒకటే: ఇప్పుడే ఎవరికీ ఏదీ ఇవ్వకండి, ముందు ఆ ఎనిమిది నిమిషాల్ని తగ్గించండి. రెండు రోజుల్లో కొత్తగా నేర్చుకుని చెప్పేది ఎంత తక్కువైతే అంత మంచిది. అసలు మనిషి ఎనిమిది నిమిషాల్లో చెప్పింది కొత్త మనిషి చెప్తే ఎనిమిదికి తెగదు, పదవుతుంది, ఎందుకంటే తడుముకుంటూ చెప్పేవాళ్ళు చెప్పిందే మళ్ళీ చెప్తారు.

ఏది తీసేయాలన్నదే అసలు కష్టం. టీమ్‌లు మామూలుగా చేసేది ప్రతి స్లైడ్‌లోనూ కొంచెం కొంచెం కోసేయడం. అలా చేస్తే స్లైడ్లు తొమ్మిదీ అలాగే ఉంటాయి, చెప్పాల్సిన విషయాలూ తొమ్మిది ఉంటాయి, ఒక్కోదానికి టైమ్ మాత్రం తగ్గుతుంది. నేను వాళ్ళని చివరి నుంచి వెనక్కి రమ్మన్నాను. ఐదో స్పీకర్ చెప్పే సూచనలు మూడు. గంటకు మించి మనిషి లేని సీటు మీది బ్యాగుని సిబ్బంది తీసి అరలో పెట్టాలి. లోపలికి వచ్చే దారిలో బ్యాగులకి లాకర్లు పెట్టాలి. పరీక్షల వారాల్లో ఇంకో గది తెరవాలి. ఇప్పుడు ఒక్కో సూచన పక్కన, అది నిలబడాలంటే ఏ ఫలితం కావాలో రాయండి అన్నాను.

మొదటి సూచనకి రెండు స్లైడ్లు కావాల్సి వచ్చాయి: రోజులో ఏ గంటకి ఎన్ని సీట్లు నిండాయో, వాటిలో మనుషులు ఎన్నిట్లో ఉన్నారో రెండు గీతలతో చూపించే గ్రాఫ్ ఒకటి, బ్యాగు ఒంటరిగా ఎంతసేపు ఉంటోందో చూపించేది ఒకటి. రెండోదానికి, బ్యాగు ఎందుకు వదిలి వెళ్తున్నారని విద్యార్థులని అడిగితే వచ్చిన జవాబుల స్లైడ్. మూడోదానికి పరీక్షల వారాలనీ మామూలు వారాలనీ పోల్చిన స్లైడ్. నాలుగు స్లైడ్లు, వాటి సారం చెప్పే ఒకటి, మొత్తం ఐదు. మిగిలిన నాలుగూ, అంటే అంతస్తుల వారీగా, వారంలో రోజుల వారీగా, కోర్సుల వారీగా ఉన్నవీ, ఒక పెద్ద పట్టికా, ఏ సూచననీ మోయడం లేదు. ఆసక్తిగా ఉన్నాయి, వాటి మీద బాగా కష్టపడ్డారు కూడా, కానీ అవి లేకపోతే కూలిపోయేది ఏమీ లేదు.

వాటిని డిలీట్ చేయొద్దన్నాను. పవర్‌పాయింట్‌లో ఎడమ పక్క స్లైడ్ మీద రైట్ క్లిక్ చేసి `Hide Slide` నొక్కితే షో నడిచేటప్పుడు అది రాదు, కానీ ఫైల్‌లో ఉంటుంది. ప్రశ్న వచ్చినప్పుడు ఆ స్లైడ్ నంబర్ టైప్ చేసి `Enter` కొడితే నేరుగా తెర మీదకి వస్తుంది. దాచిన నాలుగింటి నంబర్లూ ఒక చీటీ మీద రాసి ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకున్నారు.

ఈ కోతతో ఎనిమిది నిమిషాలు ఏడయ్యాయి. స్లైడ్లు దాదాపు సగమైనా నిమిషం మాత్రమే తగ్గించడం కావాలని చేసిందే, కొత్తగా చెప్పే మనిషికి ఊపిరి తీసుకునే చోటు ఉండాలి కదా.

ఎవరికి ఇవ్వాలి

టీమ్‌లో అందరికన్నా బాగా మాట్లాడేది ఒకటో అబ్బాయి. ఫలితాలు అతనికే ఇద్దామని మిగతావాళ్ళంతా అన్నారు. నేను ఒప్పుకోలేదు. బాగా మాట్లాడేవాడికి విషయం అంతంతమాత్రంగా తెలిస్తే ప్రజెంటేషన్ అద్భుతంగా నడుస్తుంది, మొదటి ప్రశ్న దాకా. చూడాల్సింది ఆ భాగానికి పనిలో దగ్గరగా ఉన్నది ఎవరు అని. ఇక్కడ అది మూడో స్పీకర్. లెక్కింపు ఎలా చేయాలో తయారుచేసింది ఆ అమ్మాయే, లెక్కలు వచ్చాక షీట్‌లో ఎక్కించేటప్పుడు నాలుగో అబ్బాయి పక్కన కూర్చున్నదీ ఆ అమ్మాయే. గ్రాఫ్‌లోని ప్రతి గీత వెనకా ఏ కాలమ్ ఉందో తనకు తెలుసు. మెల్లగా మాట్లాడుతుంది, పెద్దగా నవ్వదు, పర్లేదు.

కానీ ఐదు నిమిషాల పద్ధతి, పైన ఏడు నిమిషాల ఫలితాలు కలిపితే ఒక్కరే 12 నిమిషాలు. అది మరీ ఎక్కువ, పైగా ప్యానెల్‌కి ఇది ఒక్కరి ప్రాజెక్టులా కనిపిస్తుంది. అందుకే బరువైనది ఎవరికి ఇచ్చామో వాళ్ళ దగ్గరున్న తేలికైనదాన్ని తీసి పక్కవాళ్ళకి జరపాలి. పద్ధతి భాగాన్ని రెండో స్పీకర్‌కి ఇచ్చాం. అందరికన్నా తక్కువ టైమ్ ఉన్నది ఆమెకే, వరసలో కూడా ఆమె భాగం పద్ధతికి సరిగ్గా ముందుంది, కాబట్టి మైకు మార్చకుండానే కొనసాగించొచ్చు. పాత అధ్యయనాలని 3 నుంచి 2 నిమిషాలకి తగ్గించి, పద్ధతిని 5 నుంచి 4కి తగ్గించాం. ఆమెకి మొత్తం 6.

చివరికి తేలిన లెక్క: ఒకటో స్పీకర్ 4, రెండో స్పీకర్ 6, మూడో స్పీకర్ 7, ఐదో స్పీకర్ 5. మొత్తం 22 నిమిషాలు, చేతిలో మూడు నిమిషాల వెసులుబాటు, మైకు మూడుసార్లే మారుతుంది. ఒకటో, ఐదో స్పీకర్ల భాగాలు అలాగే ఉన్నాయి. ఇది పనిగట్టుకుని చేసినది. కొత్తది నేర్చుకునేవాళ్ళు ఇద్దరే ఉంటే రిహార్సల్ టైమంతా ఆ ఇద్దరి మీద పెట్టొచ్చు. నలుగురూ మారితే నలుగురూ తడబడతారు, ఎవరిని సరిచేయాలో కూడా తెలియదు. ఒకటో అబ్బాయి కొంచెం నొచ్చుకున్నాడు, తనకి ఏమీ ఇవ్వలేదని. అతనికి వేరే పని ఉంది, చెప్తాను.

జూమ్‌లో కలుపుదామా, ముందే వీడియో రికార్డ్ చేసి పంపమందామా అన్న ఆలోచనలు కూడా వచ్చాయి. గొంతే లేదు కాబట్టి ఇక్కడ ఆ ప్రశ్న లేదు. గొంతున్నా నేను వీడియో వైపు మొగ్గను: వీడియో ప్రశ్నలకి జవాబు చెప్పదు, కాబట్టి ఆ భాగం నేర్చుకున్న మనిషి గదిలో ఎలాగూ కావాలి.

రాలేని మనిషి నుంచి ఏం రాబట్టాలి

మామూలుగా అడిగేది "నీ స్లైడ్లు ఒకసారి వివరించు" అని. అలా అడిగితే స్లైడ్ మీద ఉన్నదే చెప్తారు. జ్వరంలో ఉన్న మనిషి ఓపిక అంతా స్లైడ్ మీద ఉన్నదానికే ఖర్చయిపోతుంది. మనకి కావాల్సింది స్లైడ్ మీద లేనిది. మూడో స్పీకర్ అతనికి వాట్సాప్‌లో మూడే ప్రశ్నలు పంపింది, తీరిక చూసుకుని టైప్ చేయమంది: ఏ గ్రాఫ్ చెప్పడం నీకు అన్నిటికన్నా కష్టంగా అనిపించింది? ఏ అంకెని వాళ్ళు నమ్మరు? లెక్కలోంచి ఏమైనా వదిలేశావా?

మూడో ప్రశ్నకి వచ్చిన జవాబు ఒక్కటే చాలు ఈ పద్ధతి ఎందుకో తెలియడానికి. ఒక శనివారం హాల్లో సగం మరమ్మతుల కోసం మూసేశారట, ఆ రోజు లెక్కని అతను మొత్తంగా తీసేశాడు. షీట్‌లో ఒక మూల చిన్న నోట్ రాశాడు కానీ స్లైడ్‌లో ఎక్కడా లేదు, రిపోర్టులోనూ లేదు. మిగిలిన నలుగురిలో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు. మొదటి ప్రశ్నకి రెండు గీతల గ్రాఫ్ అన్నాడు, ఎందుకంటే వినేవాళ్ళు పై గీతని చూసి "నిండిపోయింది కదా" అనుకుని ఆగిపోతారు, రెండు గీతల మధ్య ఉన్న ఖాళీయే అసలు విషయమని వేలు పెట్టి చూపించాలి.

అదే స్లైడ్‌లో ఇంకో తలనొప్పి కూడా బయటపడింది. అతను దానికి యానిమేషన్ పెట్టుకున్నాడు, ఒక్కో క్లిక్‌కి ఒక్కో ముక్క వస్తుంది. అతనికి ఏ మాట దగ్గర నొక్కాలో కంఠస్థం. కొత్త మనిషి నొక్కితే చెప్పే మాట ఒకటి, తెర మీదకి వచ్చే ముక్క ఇంకొకటి అవుతుంది, కంగారులో రెండుసార్లు నొక్కితే తర్వాతి స్లైడ్‌కి వెళ్ళిపోతుంది. యానిమేషన్లన్నీ తీసేసి, ఒక్క చోట మాత్రం ఉంచాం: ముందు పై గీత ఒక్కటే కనిపిస్తుంది, క్లిక్ చేస్తే కింది గీత వస్తుంది. వేరేవాళ్ళ స్లైడ్లు తీసుకున్నప్పుడు చదువుతూ కూర్చోకుండా ముందు షో పెట్టి చివరిదాకా నొక్కుకుంటూ వెళ్ళండి, ఇలాంటివి చదివితే దొరకవు.

రిహార్సల్‌లో ఏం బయటపడింది

గురువారం ఉదయం కొత్త భాగాలున్న ఇద్దరూ విడిగా చెప్పారు. మూడో స్పీకర్ ఏడు నిమిషాలది దాదాపు తొమ్మిది చెప్పింది. ఎక్కడ సాగుతోందో గమనిస్తే, ప్రతి గ్రాఫ్ దగ్గరా "ఇది ఎలా గీశామంటే" అని మొదలుపెడుతోంది. ఆ అమ్మాయి బుర్ర పద్ధతి చెప్పడానికి అలవాటుపడింది, ఫలితం చెప్తున్నా పద్ధతే వస్తోంది. భాగం మారినవాళ్ళలో ఇది చాలామందికి జరుగుతుంది, తమ పాత భాగాన్ని కొత్త భాగంలోకి మోసుకొస్తారు. దీనికి నేను చేయించేది చిన్న పని: ప్రతి స్లైడ్‌కీ మొదటి వాక్యం ఒక్కటి రాసి కంఠస్థం చేయాలి, ఆ వాక్యంలో ఏం తేలిందో ఉండాలి, ఎలా తేలిందో ఉండకూడదు. "మధ్యాహ్నం సీటు దొరకనప్పుడు కూడా మనుషులు లేని కుర్చీలు హాల్లో ఉన్నాయి" అని మొదలుపెట్టాక ఎలా గీశారో చెప్పాలన్న కోరిక దానంతటదే తగ్గింది. సాయంత్రానికి ఏడు నిమిషాల్లోకి వచ్చింది.

ఇంకొకటి, "నాలుగో స్లైడ్ తను చేశాడు, నేను చదువుతున్నాను" అన్న ధోరణి. అచ్చంగా ఈ మాటలే అనలేదు కానీ "ఇక్కడ ఇలా ఇచ్చారు" అంటోంది. ఎవరిచ్చారు? టీమే ఇచ్చింది. "మేము చూశాం, మాకు తేలింది" అని మార్పించాను. అతను రాసిన నోట్స్‌ని అలాగే చదవొద్దని కూడా చెప్పాను, ఒకరి వాక్యాలు ఇంకొకరి నోట్లో ఎప్పుడూ అతికించినట్టే ఉంటాయి.

ఆ తర్వాత మొత్తం రిహార్సల్‌కి ముందు అతుకులు మాత్రమే చేయించాను. అంటే ఒకరి చివరి రెండు వాక్యాలు, తర్వాతివాళ్ళ మొదటి రెండు వాక్యాలు, అంతే, మధ్యలోది వదిలేసి. మూడు అతుకులకి ఐదు నిమిషాలు కూడా పట్టదు. ఇందులోనే దొరికింది, రెండో స్పీకర్ నోట్స్ చివర ఇంకా పాత వాక్యమే ఉంది, "పద్ధతి గురించి నా ఫ్రెండ్ చెప్తుంది" అని. ఇప్పుడు పద్ధతి చెప్పేది ఆమే. వేదిక మీద ఆ వాక్యం అనేసి ఉంటే మూడో అమ్మాయి లేచి రావడం, మళ్ళీ వెళ్ళి కూర్చోవడం జరిగేవి.

గురువారం రాత్రి తర్వాత ఫైల్ ముట్టుకోవద్దని చెప్పి, పాత కాపీలన్నీ వేరే ఫోల్డర్‌లోకి తోసేయించాను. ఇద్దరి దగ్గర రెండు వెర్షన్లు ఉండి వేదిక మీద తప్పుది తెరవడం నేను చాలాసార్లు చూశాను.

మాట్లాడేది వేరు, జవాబు చెప్పేది వేరు

చాలా టీమ్‌లు ఇక్కడే ఆగిపోతాయి, భాగాలు పంచేశాం కదా అని. కానీ పద్ధతి భాగం రెండో స్పీకర్‌కి జరిగినంత మాత్రాన పద్ధతి మీద జవాబులు కూడా ఆమెకి వచ్చేయవు. దాన్ని తయారుచేసింది మూడో స్పీకర్. అలాగని పద్ధతి ప్రశ్నలూ ఫలితాల ప్రశ్నలూ రెండూ మూడో స్పీకరే తీసుకుంటే పది నిమిషాలూ ఆ అమ్మాయే నిలబడాలి. కాబట్టి ప్రశ్నలని విడగొట్టాం. హాల్లో ఎలా తిరిగారు, ఎలా లెక్కపెట్టారు అన్న ప్రశ్నలు రెండో స్పీకర్‌వి, ఎందుకంటే లెక్కింపులో ఐదుగురూ పాల్గొన్నారు, తను కళ్ళతో చూసిన పని. అరగంటే ఎందుకు, ఈ పద్ధతే ఎందుకు అన్నవి మూడో స్పీకర్‌వి. ఖర్చు, అమలు ఐదో స్పీకర్‌వి.

ఒకటో అబ్బాయికి ఇచ్చిన పని ఇదీ: ప్రశ్న రాగానే దాన్ని ఒక వాక్యంలో తిరిగి చెప్పి ఎవరికి వెళ్ళాలో వాళ్ళ పేరు పిలవడం, దాచిన స్లైడ్ కావాలంటే నంబర్ కొట్టడం. బాగా మాట్లాడేవాళ్ళకి ఇది సరిగ్గా సరిపోయే పని. జవాబు చెప్పేవాళ్ళకి ఆ వాక్యం నడిచినంతసేపు ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది.

ఎవరికీ తెలియని ప్రశ్న వస్తే ఏం అనాలో కూడా ముందే అనుకున్నాం: ఈ లెక్క చేసిన సభ్యుడు ఈరోజు రాలేదు, అంకె సరిచూసి రాసి పంపుతాం. ఒక్కసారికి ఇది పనికొస్తుంది. రెండోసారి అంటే సాకులా వినిపిస్తుంది.

గైడ్‌కి బుధవారం రాత్రే మెయిల్ పెట్టించాను, ఎవరు రావడం లేదు, ఎవరు ఏ భాగం చెప్తారు, అతని వ్యక్తిగత మార్కుల సంగతి ఏంటి అని. టైమ్ 25 నిమిషాలే ఉంటుందా, ఒకరు తగ్గినందుకు తగ్గిస్తారా అనేది కూడా అడగాలి, కొన్ని చోట్ల తలసరి లెక్కన ఇస్తారు. ఇక్కడ మార్చలేదు. మొదటి స్లైడ్ మీద ఐదు పేర్లూ అలాగే ఉంచాం. ఒకటో అబ్బాయి మొదట్లో ఒక్క వాక్యంలో, మా ఐదుగురిలో ఒకరు ఆరోగ్యం బాగోక రాలేదు, ఆయన చేసిన విశ్లేషణని ఈమె చెప్తారు అని చెప్పి ముందుకెళ్ళాడు. క్షమాపణలు, రెండు రోజుల్లో తయారయ్యామన్న కథలు వద్దన్నాను. వాటిని విన్నాక ప్యానెల్ తప్పులు వెతకడం మొదలుపెడుతుంది.

శుక్రవారం 25 నిమిషాల లోపే ముగిసింది. రిపోర్టు తిరగేస్తున్న ఒక సభ్యుడు పట్టికలో శనివారాలు ఒకటి తక్కువున్నాయేంటని అడిగారు. మూడో స్పీకర్ మరమ్మతుల సంగతి చెప్పి, అది రిపోర్టులో రాయాల్సింది, చేరుస్తామంది. ఇంకొకరు, మీరు రెండుసార్లు చూసినప్పుడూ బ్యాగు ఒక్కటే ఉందనుకుందాం, మధ్యలో మనిషి వచ్చి కూర్చుని మళ్ళీ వెళ్ళాడేమో ఎలా తెలుస్తుంది అన్నారు. ఇది లెక్కింపు ప్రశ్నా, పద్ధతి ప్రశ్నా అని ఒకటో అబ్బాయి ఒక్క క్షణం తటపటాయించి రెండో స్పీకర్‌ని పిలిచాడు. తెలియదు, అరగంటకోసారి చూసే లెక్కకి అది అందదు, అందుకే గంట దాటితేనే తీయమంటున్నాం అని ఆమె చెప్పింది. అంతస్తుల వారీ లెక్క అడిగినప్పుడు దాచిన స్లైడ్ ఒకటి బయటకి వచ్చింది, మిగిలిన మూడూ అవసరం పడలేదు.

ఈ దారి అన్నిచోట్లా నడవదు. రాలేనన్న మనిషి అసలు అందుబాటులోనే లేకపోయినా, ఆ భాగం పని అతను ఒక్కడే చేసి ఇంకెవరికీ చూపించకపోయినా, దాన్ని నేర్చుకునే ప్రయత్నం చేయించను. రిపోర్టులో రాసి ఉన్న తేలిన విషయాలు మాత్రం రెండు మూడు నిమిషాల్లో చెప్పించి, వివరాలు ఆ సభ్యుడు తర్వాత సమర్పిస్తాడని గైడ్‌తో ముందే మాట్లాడుకోమంటాను. ఈ కేసులో నాలుగో అబ్బాయికి గొంతు వచ్చాక విడిగా వైవా పెట్టారు, దాచిన నాలుగు స్లైడ్లూ అతను అక్కడ చూపించుకున్నాడు.